"అక్కా, ఈ ఒక్కరోజు చూసిపెట్టరూ"

మాది గుంటూరు జిల్లాలో ఒక మండల కేంద్రంలోని బ్యాంకు బ్రాంచి. మేనేజర్ గారు కాక ఇద్దరు ఆఫీసర్లం, ఇద్దరు క్లర్కులు, ఒక క్యాషియర్, ఒక మెసెంజర్. నాది కౌంటర్ వైపు పని. క్లర్కులు ఎంట్రీ చేసిన లావాదేవీల్లో వాళ్ళ పరిమితి దాటినవి చూసి పాస్ చేయడం, పెన్షన్లు, ఏటీఎం. రెండో ఆఫీసర్‌ది లోన్ల సీటు. నాకంటే ఏడెనిమిదేళ్ళు చిన్నది. వచ్చిన మొదటి వారం నుంచే నన్ను అక్కా అని పిలిచేది. పేరు రాయడం బాగోదు గనుక ఇక్కడ చెల్లి అనే రాస్తాను.

చెల్లి మంచి పనిమంతురాలు. ఈ మాట ముందే చెప్పాలి. పని ఎగ్గొట్టేవాళ్ళకి కాదని చెప్పడం అంత కష్టమేమీ కాదు, వాళ్ళ మీద ఉన్న విసుగే ఆ మాట చెప్పిస్తుంది. పొద్దున్నుంచి ఊపిరి సలపకుండా పనిచేస్తూ, మధ్యాహ్నం డబ్బా తెరిస్తే గోంగూర ముందు మన పళ్ళెంలో వేసే మనిషి వచ్చి "అక్కా, ఈ ఒక్కరోజు వోచర్లు చూసిపెట్టరూ" అంటే మాత్రం నోరు పెగలదు.

వోచర్లు చూడడమంటే ఏమిటో బ్యాంకు బయటివాళ్ళకి కొంచెం చెప్పాలి. మీరు డబ్బు కట్టినా, తీసినా, చెక్కు వేసినా ఒక కాగితం పుడుతుంది. సాయంత్రానికి ఆ కాగితాలన్నీ ఒక కట్ట అవుతాయి. మర్నాడు పొద్దున్నే కంప్యూటర్ నుంచి నిన్నటి లావాదేవీల రిపోర్టు తీసి, ఒక్కో వరుసకీ ఎదురుగా దాని కాగితం ఉందా, ఖాతా నంబరు, మొత్తం సరిపోయాయా, ఖాతాదారు సంతకం ఉందా, ఎంట్రీ చేసినవాళ్ళూ పాస్ చేసినవాళ్ళూ సంతకాలు పెట్టారా అని టిక్ కొట్టుకుంటూ పోవాలి. చివర్లో చూసినవాళ్ళు సంతకం పెడితే కట్ట కుట్టేస్తారు. మామూలు రోజు గంటన్నర పని. సంత మర్నాడైతే రెండు గంటలు దాటినా ఆశ్చర్యం లేదు.

ఈ పని మా ఆఫీస్ ఆర్డర్‌లో చెల్లి పేరున ఉంది. ఊరికే వేసింది కాదు. పాస్ చేసేది నేను కాబట్టి, దాన్ని మళ్ళీ చూసే కళ్ళు ఇంకొకరివి కావాలి. నేను పొరపాటున సున్నా ఎక్కువ ఉన్న ఎంట్రీని పాస్ చేశాననుకోండి, మర్నాడు నేనే చూసుకుంటే మళ్ళీ అదే కంటితో చూస్తాను. ఒకరు చేసింది ఇంకొకరు చూడాలన్నది బ్యాంకులో గోడకి కొట్టిన మేకు లాంటిది. దాని మీదే మిగతా అన్నీ వేలాడతాయి.

చెల్లి అడగడం మొదలైంది పంట రుణాల రెన్యువల్ సీజన్లో. పొద్దున పది గంటలకే రైతులు పాస్ పుస్తకాలు పట్టుకుని ఆమె బల్ల చుట్టూ నిలబడేవాళ్ళు. వాళ్ళని కూర్చోబెట్టి వోచర్లు తిరగేయడం ఎవరికైనా కష్టమే. అప్పుడు చేసిపెట్టడంలో తప్పు కనిపించలేదు, ఇప్పటికీ కనిపించదు. సీజన్ అయిపోయాక కూడా అడగడం ఆగలేదు, అక్కడే నాకు అనుమానం వచ్చింది.

అవసరానికి అడుగుతున్నారా, అలవాటుకి అడుగుతున్నారా అన్నది ఎలా తెలుస్తుందని చాలామంది అడుగుతారు. నాకు కనిపించిన గుర్తులు చెప్తాను. అవసరమైతే కారణం ముందు వస్తుంది, పని తర్వాత వస్తుంది: "అక్కా, రేపు పిల్లాడికి టీకా, పదకొండు దాకా రాను, వోచర్లు ఎలా?" అని. అలవాటైతే పని ముందు వచ్చి పడుతుంది, కారణం మనం అడిగితే అప్పుడు వెతుక్కుంటారు. రెండోది వేళ. చెల్లి నన్ను అడిగేది పదింబావుకి, కౌంటర్ తెరిచి జనం లోపలికి వచ్చాక. ఆ టైంలో కాదంటే అందరి ముందూ కాదన్నట్టవుతుంది, అందుకని మనిషి తలూపేస్తుంది. ఆమె కావాలని చేసిందని అనను. కానీ నేను తలూపేది ఆ వేళకేనని ఆమెకి లోలోపల తెలిసే ఉంటుంది. మూడోది, నేను చేసిన పనికి ఆమె మళ్ళీ రాకపోవడం. మొదట్లో "అయిపోయిందా అక్కా, ఏమైనా తేడాలున్నాయా?" అని అడిగేది. తర్వాత్తర్వాత కట్ట కుట్టించారా లేదా అని కూడా చూసేది కాదు. పని పూర్తిగా చేయి మారిపోయిందనడానికి ఇంతకంటే గుర్తు లేదు.

మా బ్రాంచిలో మిగతావాళ్ళు ఆమెని ఎలా తప్పించుకునేవాళ్ళో కూడా చూశాను. క్యాషియర్ గారిది ఒకటే మాట, "చూద్దాంలేమ్మా". ఆయన లెక్కలో అది కుదరదని. చెల్లి లెక్కలో అది సరేనని. సాయంత్రం ఐదింటికి బంగారు రుణాల ప్యాకెట్లు స్ట్రాంగ్ రూమ్‌లో పెట్టడానికి ఈమె వెళ్ళేసరికి ఆయన క్యాష్ క్లోజ్ చేసుకుని చేతులు కడుక్కుంటూ ఉండేవాడు. ఇద్దరికీ కోపమే. మెత్తగా ఉందని వాడిన మాట వల్ల చివరికి వచ్చినంత గొడవ, సూటిగా కాదంటే వచ్చేది కాదు. ఇంకో క్లర్కమ్మాయి ఒకరోజు తలనొప్పిగా ఉందంది. చెల్లి వెంటనే బ్యాగులోంచి మాత్ర తీసిచ్చి, మెసెంజర్‌తో స్ట్రాంగ్ కాఫీ తెప్పించి, "తగ్గాకే చూడు, తొందరేం లేదు" అని ఫైలు అక్కడే పెట్టి వెళ్ళింది. సాకు చెప్తే ఇదే చిక్కు. ఎదుటివాళ్ళు మంచివాళ్ళైతే ఆ సాకుకి మందు వెతికి తెస్తారు. మాత్ర మింగాక ఇక పని చేయక తప్పదు.

నేను కాదనాలని గట్టిగా అనుకున్నది మాత్రం వోచర్ల దగ్గర కాదు, ఏటీఎం దగ్గర.

మా బ్రాంచికి ఆనుకుని ఉన్న ఏటీఎంలో డబ్బు మేమే నింపుతాం. తాళం నా దగ్గర, తెరిచే నంబరు చెల్లి దగ్గర. ఇద్దరం కలిసి వెళ్ళాలి, కలిసి తెరవాలి, క్యాసెట్లలో మిగిలినది కలిసి లెక్కపెట్టాలి, మిషన్ చూపించే లెక్కతోనూ మా పుస్తకంలో లెక్కతోనూ పోల్చాలి, కొత్త క్యాష్ పెట్టి మూసి ఇద్దరం సంతకాలు చేయాలి. ఒక శుక్రవారం సాయంత్రం, శని ఆదివారాలు సెలవులు కావడంతో ఏటీఎం నిండుగా పెట్టాల్సిన రోజు, చెల్లి ఇన్‌స్పెక్షన్ రిపోర్టు టైప్ చేసుకుంటూ తలెత్తకుండానే అంది: "అక్కా, నంబరు చెప్తాను, మీరే తెరిచి పెట్టేయండి. మీ మీద నాకు నమ్మకమే కదా."

ఆ మాట విన్నాక ఒళ్ళు ఝల్లుమంది. నమ్మకం మాటకేం గానీ, ఐదొందల నోట్లలో ఒక్క కట్ట తేడా వస్తే తాళం, నంబరు రెండూ నా దగ్గరే ఉన్నాయని తేలుతుంది. ఆమె కూడా బయటపడదు, నంబరు ఎందుకు చెప్పావని మొదట అడిగేది ఆమెనే. అక్కడికక్కడే, ఆలోచించకుండానే, "వద్దు వద్దు, నాకు చెప్పొద్దు. నువ్వు రిపోర్టు ముగించు, నేను కూర్చుంటాను. నువ్వు లేచాకే వెళ్దాం" అన్నాను. కూర్చున్నాను. ఇరవై నిమిషాల తర్వాత లేచింది, ఇద్దరం వెళ్ళి పెట్టుకుని వచ్చాం. ఆమెకి కోపం రాలేదు. దారిలో మామూలుగానే మాట్లాడింది.

ఇంటికి వెళ్తూ బస్సులో నేను తలపోసుకున్నది ఇదే: అంత గట్టిగా కాదన్నా ఆమెకి ఎందుకు నొప్పి తగల్లేదు? కాదన్న మాటతోపాటే కూర్చుంటానన్న మాట కూడా ఉంది. ఆమె పని చేయననే అన్నాను. ఆమె కోసం ఆగననలేదు. ఈ రెండూ వేరు చేయొచ్చని నాకు అప్పటిదాకా తోచలేదు. కాదనడమంటే మొహం తిప్పుకోవడమే అన్నట్టు పెరిగాం మనం. ఇంటికొచ్చినవాళ్ళు ఇంకో ముద్ద వద్దంటేనే మన అమ్మలు నొచ్చుకుంటారాయె.

వోచర్ల సంగతి కూడా అలాగే తేల్చాలనుకున్నాను. కానీ పదింబావుకి, జనం మధ్యలో, ఆమె అడిగినప్పుడు కాదు. అడిగినప్పుడు కాదంటే ఆ రోజుకి కాదన్నట్టే ఉంటుంది, మర్నాడు మళ్ళీ మొదలు. అడగని వేళ చెప్తేనే అది రోజూకి వర్తిస్తుంది. పనిచేసే శనివారం సాయంత్రం మా దగ్గర కాస్త తెరిపిగా ఉంటుంది. టీ తాగుతున్నప్పుడు మొదలుపెట్టాను. ఏం చెప్పాలో ముందే అనుకుని ఉన్నాను, వరసగా అలాగే రాలేదు గానీ.

"ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు తల్లీ. సోమవారం నుంచి వోచర్లు నేను చూడను. అందులో సగం నేను పాస్ చేసినవే, నేనే టిక్ కొట్టుకుంటున్నాను. పదకొండు దాకా కౌంటర్ ఒత్తిడిలో నీకు ఎవరైనా లాకర్ కోసమో డిపాజిట్ కోసమో వస్తే వాళ్ళని నా దగ్గరికి పంపు, ఆ గంటా నేను చూసుకుంటాను."

ఇందులో నేను కావాలని చేసినవి చెప్తాను. చూడను అన్న మాట ముందే వచ్చేసింది, కారణం దాని వెనక వచ్చింది. కారణం ముందు చెప్తే వినేవాళ్ళు దాన్ని బేరంగా తీసుకుంటారు. కారణం ఒక్కటే చెప్పాను. నా ఒంట్లో బాగోలేదనో, ఇంటికి ఆలస్యమవుతోందనో కలపలేదు, అవి నిజమే అయినా. పనికి సంబంధించిన కారణం ఒకటుంటే చాలు. మన గురించి చెప్పే కారణాలు ఎన్ని ఉంటే ఆమెకి అన్ని తలుపులు తీసిపెట్టినట్టు. ఇస్తానన్న సాయం కూడా కొలత పెట్టి చెప్పాను: ఫలానా పని, ఫలానా గంట. "ఏదైనా కావాలంటే అడుగు" అని ఊరికే అని ఉంటే మంగళవారానికి వోచర్లే అడిగేది.

అయినా ఆమె ఒక తలుపు వెతికింది. పనిమంతురాలని చెప్పానుగా. "పోనీ అక్కా, మీరు పాస్ చేసినవి పక్కన పెట్టి మిగతావి చూడండి. మీవి నేను చూసుకుంటాను."

వినడానికి ఎంత బావుందో చూడండి. ఒక క్షణం నేను కూడా సరే అనబోయాను. అంతకుముందు మా దగ్గర కాంకరెంట్ ఆడిటర్ గారు రిజిస్టర్ చూస్తూ, "వెరిఫికేషన్ ఒకరి పేరున ఉంది, సంతకం ఇంకొకరిది ఉంది, ఎందుకు?" అని పెన్సిల్‌తో గీత పెట్టుకున్నది గుర్తొచ్చింది. అదే చెప్పాను: "మిగతావి కూడా నీ పేరునే ఉన్నాయమ్మా. సంతకం నాదైతే అడిగేది నిన్నే, నువ్వెందుకు చూడలేదని. మేనేజర్ గారు నా పేరున ఆర్డర్ రాసిస్తే రేపే చూస్తాను. నోటిమాట మీద మాత్రం వద్దు."

అప్పుడామె మొహం మారింది. "అంటే నేను పని తప్పించుకుంటున్నాననా అక్కా?" అంది.

ఇక్కడే చాలామంది జారిపోతాం. "అయ్యో, అలా ఎందుకనుకుంటాను, సర్లే ఈ వారం చూస్తాలే" అనేస్తాం. ఆ మాట అంటే అంతకుముందు చెప్పిందంతా పోయినట్టే. పైగా నిజంగానే అలా అనుకుంటున్నారు, బాధపడిందని వెనక్కి తగ్గారు అని ఆమెకి అర్థమవుతుంది. నేను ఆమె అడిగినదానికి మాత్రం జవాబు చెప్పాను: "లేదు. నువ్వు ఖాళీగా ఉండగా నేను చూడనే లేదు. పని ఎక్కువైందని నాకూ తెలుసు. ఎక్కువైన పని నా బల్ల మీదకి వస్తే తగ్గినట్టు కాదు, కనిపించకుండా పోయినట్టు. అంతే." ఆ తర్వాత ఇంకేం మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండడమే అన్నిటికంటే కష్టం. టీ చల్లారిపోయింది, ఇద్దరం గ్లాసులు పక్కన పెట్టి లేచాం.

సోమవారం నుంచి కొన్నాళ్ళు ఆమె నాతో ముక్తసరిగానే ఉంది. అక్కా అనడం మానలేదు గానీ భోజనాల దగ్గర తొందరగా లేచేది. ఆ రోజుల్లో నేను మనసులో పెట్టుకున్నది, అలిగిందని పనితో బుజ్జగించకూడదని. ఆమెకి చెప్పకుండా వోచర్లు తీసి కాసిని చూసిపెట్టాలని చేయి లాగేది, ఆ కట్ట రెండు అడుగుల దూరంలోనే ఉండేది మరి. బుజ్జగించాల్సింది వేరే విధంగా. భోజనాలప్పుడు నా డబ్బా మూత ఎప్పటిలాగే ఆమె వైపు జరిపాను. వాళ్ళ బాబు స్కూల్లో ఆటలపోటీలు ఎలా జరిగాయని అడిగాను. పొద్దున గంటసేపు లాకర్ వాళ్ళని నేను చూస్తానన్న మాట మాత్రం ఒక్కరోజు కూడా తప్పలేదు. అది తప్పి ఉంటే మిగతాదంతా ఒట్టి మాటే అయ్యేది.

వోచర్లు పేరుకున్నాయి. ఇది కూడా దాచకుండా చెప్పాలి. కాదన్న మర్నాడే అంతా చక్కబడదు. మొదటివారం ఆఖరికి మూడు రోజుల కట్టలు కుట్టకుండా బల్ల కింద అట్టపెట్టెలో ఉన్నాయి. వాటిని చూస్తే నాకూ టెన్షన్‌గానే ఉండేది, ఏ తేడా ఉన్నా త్వరగా బయటపడాలి కదా. ఒకసారి ఆమె ఆ పని క్లర్కమ్మాయికి తోయబోయింది. ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను జోక్యం చేసుకోలేదు. ఆ అమ్మాయే, "మేడమ్, ఎంట్రీలు నావే కదా, నేనెలా చూస్తాను?" అంది. మాత్ర, కాఫీ పుచ్చుకున్న అమ్మాయే.

ఆ పేరుకున్న కట్టలే చివరికి మేనేజర్ గారి కంట పడ్డాయి. ఆయన చెల్లిని పిలిచి అడిగితే ఆమె మొదటిసారి అసలు సంగతి చెప్పింది. లోన్ల ఇన్‌స్పెక్షన్లకి ఊళ్ళకి వెళ్ళడం పొద్దున పూటే పెట్టారు, ఎండ పడకముందు వెళ్ళొచ్చని. వారంలో మూడు పొద్దుటిపూటలు దానికే పోయేవి. తిరిగొచ్చేసరికి బల్ల చుట్టూ జనం. వోచర్లు చూడాల్సిన గంటన్నర ఆమె రోజులో అసలు ఎక్కడా లేదు. నేను చూసిపెడుతున్నంత కాలం ఆ లేని గంటన్నర ఎవరికీ కనిపించలేదు, ఆమెకి కూడా. మేనేజర్ గారు దాన్ని పెద్ద విషయం చేయలేదు. ఇన్‌స్పెక్షన్లు మంగళ, గురువారాలు మధ్యాహ్నం మూడు తర్వాతకి మార్చారు. సంత మర్నాడు మాత్రం వోచర్లు తను చూస్తానన్నారు, ఆఫీస్ ఆర్డర్‌లో ఆ వాక్యం కలిపి సంతకం పెట్టారు. పేరుకున్న మూడు రోజులవీ చెల్లి ఒక సాయంత్రం కూర్చుని ముగించింది. నేను ఏటీఎం రిపోర్టులు చూసుకుంటూ అదే గదిలో ఉన్నాను. ఒకచోట ఖాతాదారు సంతకం లేని విత్‌డ్రాయల్ స్లిప్ దొరికింది. పాస్ చేసింది నేనే. "అక్కా, ఇదిగో మీది" అని నవ్వింది. మర్నాడు ఆ పెద్దాయన్ని పిలిపించి సంతకం చేయించుకున్నాం.

తర్వాత నవంబరు వచ్చింది. నవంబరంటే పెన్షనర్లు బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్లు ఇచ్చే నెల. అప్పుడు ఒత్తిడంతా నా సీటు మీద. 80 ఏళ్ళు దాటినవాళ్ళు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చని నోటీసు పెట్టినా అందరూ నవంబరు మొదటి వారంలోనే వస్తారు. 2014లో డిజిటల్ పద్ధతి వచ్చిన దగ్గర్నుంచి వేలిముద్ర పెడితే అయిపోతుంది. కానీ పొలం పని చేసిన చేతులకి, వయసు మీద పడిన చేతులకి గీతలు అరిగిపోయి మిషన్ పట్టదు. ఒక్కో ముసలాయనకి పది వేళ్ళూ మార్చి మార్చి చూడాలి, అప్పటికీ పడకపోతే మొహం ఫోటోతోనో కాగితం ఫారంతోనో కానివ్వాలి. ఆ వారంలో చెల్లి వచ్చి, "అక్కా, మా మామగారిని గుంటూరు ఆసుపత్రిలో చేర్చాం, మూడు రోజులు సెలవు పెడుతున్నాను, మేనేజర్ గారికి చెప్పాను" అంది. కారణం ముందు, పని తర్వాత. వోచర్లు ఆ మూడు రోజులూ మేనేజర్ గారే చూశారు. ఏటీఎం నంబరు ఆమె క్యాషియర్ గారికి అప్పగించి, అప్పగించినట్టు రిజిస్టర్‌లో రాసింది. లోన్ల వైపు వచ్చేవాళ్ళని నేను చూశాను. నా చేతినిండా పని ఉన్న వారమే అది. అయినా ఒక్కసారి కూడా భారమనిపించలేదు. ఎంతవరకో, ఎన్నాళ్ళో ముందే తెలిసిన పని మోయడం వేరు, ఎప్పటికి దించుతారో తెలియకుండా మోయడం వేరు.

ఆమె పాస్‌వర్డ్ సంగతి ఒకటి మిగిలింది. ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, "ఒక రైతు లోన్ ఈరోజే విడుదల కావాలి అక్కా, నా ఐడీ పాస్‌వర్డ్ మెసేజ్ పెడతాను, నొక్కేయండి" అంది. కంగారులో ఉన్న మనిషికి ఫోన్లో కాదని చెప్పడం ఎలాగని చాలామంది అడుగుతారు. రూల్స్ ఒప్పుకోవని మొదటి ముక్కగా అనొద్దు. ఆ క్షణంలో అది బెదిరింపులా వినిపిస్తుంది. ముందు మామగారికెలా ఉందని అడిగాను. తర్వాత, "పాస్‌వర్డ్ పంపకు, వచ్చినా తెరవను. ఆ రైతు నంబరు ఇవ్వు, నేను ఫోన్ చేసి మాట్లాడతాను. మేనేజర్ గారు ఏదైనా మార్గం చూస్తారేమో అడుగుతాను" అన్నాను. మేనేజర్ గారు రీజియన్ ఆఫీసుకి చెప్పి తన ఐడీకి తాత్కాలికంగా ఆ అధికారం తెప్పించుకునేసరికి సాయంత్రమైంది. డబ్బు మర్నాడు పడింది. రైతు ఒకరోజు ఆగాల్సి వచ్చింది, విసుక్కున్నాడు కూడా. ఆ విసుగు నేనే పడ్డాను, అది చెల్లి దాకా పోనివ్వలేదు.

ఇదంతా సమాన హోదాలో ఉన్న ఇద్దరి మధ్య సంగతి. మేనేజర్ గారే వచ్చి, "ఏమ్మా, ఆ పనీ నువ్వే చూసేయరాదూ" అన్నప్పుడు ఈ మాటలు పనిచేయవు, నేను ప్రయత్నించాను. అక్కడ చూడను అనే వీల్లేదు. చేతిలో ఉన్న పనుల కాగితం ముందు పెట్టి, "సార్, ఇవి ఉన్నాయి, వీటిలో ఏది రేపటికి తోయమంటారు?" అని అడగడమొక్కటే ఉంది. ఆయన ఒక్కోసారి తోయమంటారు, ఒక్కోసారి అన్నీ చేయమంటారు. చెల్లి మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు అడుగుతూనే ఉంటుంది. అడిగి, నేను నోరు తెరవకముందే, "తెలుసులే అక్కా, ఆర్డర్ ఉందా అంటారు" అని తనే కట్ట తీసుకుని వెళ్తుంది.